బ్రేకౌట్ నిజమా ఫేకా: క్యాండిల్ క్లోజ్, వాల్యూమ్ కలిపి చదివే పద్ధతి

ధర ఇంతకుముందు ఆగిపోయిన రెసిస్టెన్స్ గీతని దాటడమే బ్రేకౌట్, దాటినట్టే దాటి వెనక్కి పడిపోతే అది ఫేక్. 2024 మార్చి 5న బిట్‌కాయిన్ డైలీ చార్ట్ ఒకసారి తెరిచి చూడండి. 2021 నవంబర్‌లో పెట్టిన పాత హై 69,000 డాలర్లు, దాదాపు రెండేళ్ల నాలుగు నెలల తర్వాత ధర మళ్లీ ఆ గీత దగ్గరికొచ్చింది, కొన్ని ఎక్స్ఛేంజీల్లో 69 వేలు దాటింది కూడా, దాటిన కొద్ది గంటల్లోనే 59 వేల దగ్గరదాకా జారిపోయి చివరికి 63,800 దగ్గర్లో క్లోజ్ అయింది. సరిగ్గా ఆరు రోజులకి, మార్చి 11న, అదే గీత మళ్లీ దాటింది, ఈసారి 72 వేల దగ్గర క్లోజ్ ఇచ్చింది.

ఇప్పుడు ఆ రెండు రోజుల కింద ఉన్న వాల్యూమ్ బార్లు చూడండి. బైనాన్స్ స్పాట్ BTCUSDT చార్ట్‌లో అయితే ఫెయిలైన 5వ తేదీ బారే బాగా పొడుగు. నిలబడిన 11వ తేదీ బార్ దానికంటే చాలా పొట్టి. అంటే "బ్రేకౌట్‌కి వాల్యూమ్ ఎక్కువుంటే నిజం, తక్కువుంటే ఫేక్" అని అందరూ చెప్పే రూల్ పట్టుకుని ఆ వారం ట్రేడ్ చేసినవాడికి జవాబు తలకిందులుగా వచ్చేది.

రూల్ తప్పని కాదు, సగమే చెప్తారు. ఆ గీత దగ్గర ఎంత సరుకు చేతులు మారిందో వాల్యూమ్ చెప్తుంది, కొన్నవాళ్లు నెగ్గారా అమ్మినవాళ్లు నెగ్గారా అనేది దానికి తెలీదు, అది చెప్పేది క్లోజ్. కాబట్టి చదివే వరస ముఖ్యం, ముందు క్లోజ్ ఎక్కడ పడిందో చూడాలి, అది పాసైతేనే వాల్యూమ్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది ఉల్టా చేస్తారు, క్యాండిల్ ఇంకా నడుస్తుండగానే ఆకుపచ్చ బార్ లేస్తుంటే చూసి దూకేస్తారు.

అసలు ఫేక్ ఎందుకు పుడుతుంది

ఇది అర్థమైతే మిగతా స్టెప్పులు గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. ఒక రెసిస్టెన్స్ చార్ట్‌లో అందరికీ కనిపిస్తోంది అనుకోండి. దాని కింద షార్ట్ కొట్టినవాళ్లంతా, అంటే ధర పడుతుందని ముందే అమ్మినవాళ్లు, స్టాప్‌లాస్ ఆ గీతకి కాస్త పైన పెడతారు, షార్ట్ స్టాప్‌లాస్ అంటే ట్రిగ్గర్ అయినప్పుడు అది కొనే ఆర్డర్. లివరేజ్ ఎక్కువ తీసుకున్న షార్టుల లిక్విడేషన్ ధరలు కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, అది కూడా బలవంతపు కొనుగోలే. దానికి తోడు బ్రేకౌట్ కోసం కాచుకున్నవాళ్లు గీతకి పైన బై స్టాప్ పెట్టుకుని ఉంటారు. ఈ మూడూ కలిపి గీత పైన కొనుగోలు ఆర్డర్ల కుప్ప ఒకటి తయారవుతుంది.

ధర గీతని ముట్టుకోగానే ఆ కుప్ప అంటుకుంటుంది, అన్నీ మార్కెట్ ఆర్డర్లే కాబట్టి ధర సర్రున లేస్తుంది, వాల్యూమ్ కూడా లేస్తుంది. ఈ వాల్యూమ్‌లో కొత్తగా "ఈ ధరకి ఇది కావాలి" అని వచ్చి కొన్నవాళ్లు ఎంతమంది, బలవంతంగా కొనాల్సొచ్చినవాళ్లు ఎంతమంది అనేది బార్ చూస్తే తెలీదు. పెద్దమొత్తంలో అమ్ముకోవాలనుకునేవాడికి అంతకంటే మంచి టైమ్ ఇంకోటి దొరకదు, అంత సరుకు మామూలు టైమ్‌లో అమ్మితే ధర వాడి మీదే పడిపోతుంది, ఇక్కడ మాత్రం కొనేవాళ్లు క్యూ కట్టి ఉన్నారు. కుప్ప అయిపోయాక కొనేవాడు లేడు, అమ్మేవాడు ఇంకా మిగిలున్నాడు, ధర కిందకి జారుతుంది, క్యాండిల్‌కి పొడుగాటి పై విక్ మిగులుతుంది. ఎప్పుడో స్టాక్ మార్కెట్లో రిచర్డ్ వైకాఫ్ పద్ధతి నేర్చుకున్నవాళ్లు దీన్నే అప్‌థ్రస్ట్ అనేవాళ్లు, కాయిన్లకి కొత్తగా వచ్చిందేం కాదు, కాకపోతే లివరేజ్ వల్ల ఇక్కడ విక్కులు ఇంకా పొడుగ్గా ఉంటాయి.

అందుకే క్లోజ్ కోసం ఆగడం. కుప్ప అయిపోయాక కూడా ధర పైనే నిలబడిందంటే బలవంతం లేకుండా కొనేవాళ్లు ఉన్నట్టు.

స్టెప్ 1: గీత కాదు, జోన్ గీయండి

ఒక్క సన్నగీత గీసుకుంటే ప్రతి చిన్న విక్కూ బ్రేకౌట్‌లా కనిపిస్తుంది. ధర కనీసం రెండు మూడుసార్లు వచ్చి వెనక్కి తిరిగిన చోటు తీసుకోండి, ఆ సార్లలో బాడీలు క్లోజ్ అయిన వాటిలో ఎక్కువ ధర జోన్‌కి కింది అంచు, విక్కుల్లో అన్నిటికంటే పై కొన పై అంచు. ఈ రెండిటి మధ్య ఏం జరిగినా లెక్కలోకి రాదు, పై అంచు దాటి క్లోజ్ అయితేనే మాట్లాడుకోవాలి.

ఒక్కోసారి పాత విక్ ఒకటి మరీ పైకి పోయి ఉంటుంది, ఏదో ఒక్క ఎక్స్ఛేంజ్‌లో ఫ్లాష్ స్పైక్ లాంటిది. వేరే ఎక్స్ఛేంజ్ చార్ట్‌లో అది లేకపోతే వదిలేయండి, ఉంటే మాత్రం లెక్కలో పెట్టాల్సిందే.

స్టెప్ 2: ఏ క్యాండిల్ క్లోజ్ చూస్తారో ముందే తేల్చుకోండి

జోన్ ఏ టైమ్‌ఫ్రేమ్‌లో గీశారో క్లోజ్ కూడా ఆ టైమ్‌ఫ్రేమ్‌లోనే చూడాలి. డైలీలో నెలల తరబడి ఆపిన రెసిస్టెన్స్‌ని 15 నిమిషాల క్యాండిల్ దాటి క్లోజ్ అయిందని కొనేయడం అనేది ఫేక్‌లో ఇరుక్కునే దారుల్లో మొదటిది. తొందరుంటే ఒక్క మెట్టు కిందకి, అంటే డైలీ గీతకి 4 గంటల క్లోజ్ దాకా దిగొచ్చు, కానీ అప్పుడు పొజిషన్ సైజు తగ్గించుకోవాలి.

షేర్ మార్కెట్లాగ ఇక్కడ సాయంత్రం బెల్ కొట్టేవాడు లేడు, మార్కెట్ 24 గంటలూ నడుస్తుంది. మామూలుగా డైలీ క్యాండిల్ యూటీసీ అర్ధరాత్రి 00:00కి మూసుకుంటుంది, 4 గంటల క్యాండిళ్లు యూటీసీ 00, 04, 08, 12, 16, 20కి. ట్రేడింగ్‌వ్యూలో టైమ్ జోన్ మార్చినా కనిపించే గడియారం మారుతుంది తప్ప డైలీ క్యాండిల్ మారదు. కానీ కొన్ని ఎక్స్ఛేంజీల సొంత చార్టుల్లో డైలీ క్యాండిల్ వేరే టైమ్‌కి తెరుచుకుంటుంది, దాంతో ఒకే రోజు ఇద్దరికి రెండు వేరే క్లోజులు కనిపిస్తాయి. ఎక్కువమంది చూసేది యూటీసీ క్లోజ్ కాబట్టి దాన్నే పట్టుకోండి, ఇవాళ ఇది రేపు అది అని మార్చకండి.

స్టెప్ 3: క్లోజ్ ఎక్కడ పడిందో కొలవండి

క్యాండిల్ మూసుకున్నాక రెండు కొలతలు చాలు.

మొదటిది, జోన్ పై అంచుకి ఎంత పైన క్లోజ్ అయింది. ఒక్క టిక్ పైన క్లోజ్ అయితే అది దాటడం కాదు, తాకడం. ఎంత దూరం కావాలి అంటే శాతంలో చెప్పలేం, ఎందుకంటే బిట్‌కాయిన్‌కి ఒక శాతం పెద్ద కదలిక కావచ్చు, చిన్న కాయిన్‌కి అది ఊరికే ఊగడం. అందుకే ఏటీఆర్ వాడతారు, గత 14 క్యాండిళ్లు సగటున ఎంత ఊగాయో చెప్పే ఇండికేటర్ అది. దాంట్లో పావు వంతు అయినా పై అంచుకి పైన క్లోజ్ ఉండాలి అనేది నేను పెట్టుకునే హద్దు. ఈ పావు ఎక్కడా రాసిపెట్టిన లెక్కేం కాదు, మీ కాయిన్‌లో పాత బ్రేకౌట్లు వెనక్కి తిప్పి చూసి ఐదో వంతా మూడో వంతా అని మీరే తేల్చుకోవచ్చు.

రెండోది, ఆ క్యాండిల్ లోపలే క్లోజ్ ఎక్కడుంది. క్లోజ్‌లోంచి లో తీసేసి, దాన్ని హై లో మధ్య తేడాతో భాగించండి. 1 వస్తే సరిగ్గా కొన మీద క్లోజ్ అయినట్టు, 0 వస్తే అడుగున. 0.67 పైన ఉంటే, అంటే పై మూడో వంతులో క్లోజ్ అయితే, బాగున్నట్టు. 0.5 కింద ఉంటే జోన్‌కి పైన క్లోజ్ అయినా నాకు నమ్మకం కుదరదు, ఎందుకంటే పైకి పోయినదాంట్లో సగానికి పైగా అదే క్యాండిల్‌లో తిరిగి ఇచ్చేసింది, అంటే అమ్మేవాడు అప్పటికే దిగిపోయాడు.

మార్చి 5 డైలీ క్యాండిల్‌కి ఈ లెక్క వేయండి. హై 69 వేలు, లో 59 వేలు, క్లోజ్ 63,800, దాదాపు 0.48 వస్తుంది. జోన్ పైన క్లోజ్ కూడా లేదు కాబట్టి ఆ లెక్కే అక్కర్లేదనుకోండి. మధ్యలో 8వ తేదీ ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఆ రోజు 70 వేల దగ్గరదాకా పోయి 68 వేల పైచిలుకులో క్లోజ్ అయింది, మళ్లీ జోన్ లోపలే. ఈ రెండు రోజులూ ఈ స్టెప్‌లోనే పోతాయి, వాల్యూమ్ చూడాల్సిన పనే రాదు.

స్టెప్ 4: ఇప్పుడు వాల్యూమ్, కానీ దేంతో పోల్చాలి

వాల్యూమ్ బార్ పక్కన దానికంటే పొడుగుందా అని కంటితో చూడటం సరిపోదు. గత 20 క్యాండిళ్ల సగటు తీసి, బ్రేకౌట్ క్యాండిల్ దానికి ఎన్ని రెట్లుందో చూడాలి. ఒకటిన్నర రెట్లు దాటితే పనికొస్తుంది, రెండు రెట్లు దాటితే బాగుంది అంటారు. ఇక్కడ మూడు చోట్ల లెక్క తప్పుతుంది.

ఒకటి, ఆ సగటులో బ్రేకౌట్ క్యాండిల్‌ని కలపకూడదు. కలిపితే అది తనని తానే పైకి లాక్కుంటుంది, రెట్లు తక్కువ కనిపిస్తాయి.

రెండు, ఈ మధ్యే ఒక ఫేక్ బ్రేకౌట్ భారీ వాల్యూమ్‌తో జరిగి ఉంటే సగటు ఉబ్బిపోయి ఉంటుంది, తర్వాత వచ్చే నిజమైన బ్రేకౌట్ దాని ముందు పేలవంగా కనిపిస్తుంది. మార్చి 11కి జరిగింది ఇదే. అలాంటప్పుడు 20 బార్లని చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి నడిమిది తీసుకోండి, ఒక్క పెద్ద బార్ దాన్ని కదిలించలేదు.

మూడు, 4 గంటలు గానీ 1 గంట గానీ చార్ట్ అయితే రోజులో టైమ్‌ని బట్టి వాల్యూమ్ మారుతుంది. యూరప్, అమెరికా రెండూ మేలుకుని ఉండే యూటీసీ 12 నుంచి 20 మధ్య క్యాండిళ్లు మామూలుగానే లావుగా ఉంటాయి, 20 తర్వాత పలచబడతాయి. కాబట్టి యూటీసీ 12కి తెరుచుకునే క్యాండిల్‌లో ఒకటిన్నర రెట్లు వచ్చిందంటే అది మామూలు రోజే కావచ్చు, అదే 20కి తెరుచుకునే క్యాండిల్‌లో ఒకటిన్నర రెట్లంటే విశేషం. గత వారం రోజుల్లో అదే టైమ్ క్యాండిళ్లతో పోల్చుకుంటే ఈ తిప్పలు ఉండవు. శని ఆదివారాలు కూడా అంతే, ఆర్డర్ బుక్ పలచగా ఉంటుంది, తక్కువ డబ్బుతో ధరని గీత దాటించేయొచ్చు, అందుకని శనివారం రాత్రి వచ్చిన బ్రేకౌట్‌ని సోమవారం వచ్చిందాంతో సమానంగా చూడకండి.

ఇంకొకటి, క్యాండిల్ నడుస్తుండగా "గంటలోనే ఇంత వాల్యూమ్ వచ్చింది, నాలుగు గంటలకి నాలుగింతలు వస్తుంది" అని గుణించేయడం. బ్రేకౌట్‌లో వాల్యూమ్ గీత తెగిన ఆ కొద్ది నిమిషాల్లోనే కుమ్మరిస్తుంది, మిగతా మూడు గంటలు అదే జోరు ఉండదు.

మరి క్లోజ్ బాగుంది, వాల్యూమ్ మరీ ఎక్కువుంది, నాలుగైదు రెట్లు, కానీ బాడీ చిన్నది? ఇది జాగ్రత్త పడాల్సిన చోటు. అంత సరుకు కొన్నా ధర ఇంతే కదిలిందంటే పైన ఎవరో లిమిట్ ఆర్డర్లు పెట్టుకుని వచ్చినదంతా మింగుతున్నారు. అప్పుడు తర్వాతి క్యాండిల్ దాకా ఆగాల్సిందే. మింగేవాడి సరుకు అయిపోతే ధర ఎగురుతుంది, అయిపోకపోతే జోన్‌లోకి పడుతుంది, ఎటైనా చార్టే చెప్తుంది.

క్లోజ్ బాగుండి వాల్యూమ్ సగటు కంటే తక్కువుంటే దాన్ని ఫేక్ అని కొట్టిపారేయను, కొందరు మెల్లగా కొంటూ పోతే అలా కూడా దాటుతుంది. కాకపోతే అక్కడ ఎంట్రీ ఉండదు, రీటెస్ట్ వస్తే, అంటే ధర దాటిన జోన్ దగ్గరికి మళ్లీ వచ్చి నిలబడితే, చూస్తాను. కిందకి తెగే బ్రేక్‌డౌన్‌లో మాత్రం వాల్యూమ్ హద్దు కాస్త సడలించొచ్చు, కొనేవాళ్లు తప్పుకుంటే చాలు ధర తక్కువ వాల్యూమ్‌తోనే పడగలదు. మిగతా లెక్కలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పుకుంటే సరి.

స్టెప్ 5: తర్వాతి రెండు మూడు క్యాండిళ్లు

బ్రేకౌట్ క్యాండిల్ పాసైనా పని సగమే అయింది. తర్వాతి క్యాండిళ్లలో ఏదీ జోన్ లోపల క్లోజ్ కాకూడదు, విక్ లోపలికి పోయొస్తే పర్లేదు. వెనక్కొచ్చేటప్పుడు వాల్యూమ్ తగ్గాలి, మళ్లీ పైకి తిరిగేటప్పుడు పెరగాలి. వెనక్కొచ్చే ఎర్ర క్యాండిల్ వాల్యూమ్ బ్రేకౌట్ క్యాండిల్‌తో సమానంగానో ఎక్కువగానో ఉందంటే అది రీటెస్ట్ కాదు, ఎదురుదాడి.

బిట్‌కాయిన్ విషయంలో 2024 మార్చి 12న ధర 69 వేల కిందికి కొంచెం జారి, 71 వేల పైన క్లోజ్ అయింది, అది రీటెస్ట్. 14న 73,700 పైకి పోయింది. అక్కణ్నుంచి తిరిగి 16వ తేదీ డైలీ క్లోజ్ 65 వేల దగ్గర పడింది, 19కల్లా 62 వేల దగ్గరికి చేరింది. అంటే క్లోజ్ టెస్టులు పాసైన బ్రేకౌట్ కూడా ఐదో రోజుకి జోన్ కిందికి వచ్చేసింది. 11వ తేదీ క్లోజ్ చూసి 72 వేల దగ్గర కొని, జోన్ కింద డైలీ క్లోజ్ వస్తేనే బయటికొస్తా అనుకున్నవాడికి 16న దాదాపు 9 శాతం నష్టం. 12న రీటెస్ట్‌లో 70 వేల లోపు కొన్నవాడికి అదే ఎగ్జిట్‌లో 7 శాతం లోపే, పైగా 14న సగం అమ్ముకోవడానికి చోటు దొరికేది. ఈ పద్ధతి చెప్పేది బ్రేకౌట్ క్యాండిల్ వెనకాల నిజమైన కొనుగోలు ఉందా అనే వరకే. ఎంత దూరం పోతుందో చెప్పదు.

ఒక 4 గంటల ఉదాహరణ, అంకెలతో

ఊహించిన కాయిన్ ఒకటి తీసుకుందాం. జోన్ 2.36 నుంచి 2.40 డాలర్లు, గత 20 క్యాండిళ్ల సగటు వాల్యూమ్ 8 లక్షల కాయిన్లు, ఏటీఆర్ 0.06. అంటే మనకి కావల్సిన క్లోజ్ కనీసం 2.415.

మొదటి క్యాండిల్ 2.35 దగ్గర తెరుచుకుని 2.49 దాకా పోయింది, లో 2.34, క్లోజ్ 2.385, వాల్యూమ్ 21 లక్షలు. నడుస్తున్నప్పుడు 2.48 దగ్గర చూసినవాడికి ఇంతకంటే అందమైన బ్రేకౌట్ కనపడదు, వాల్యూమ్ రెండున్నర రెట్లు దాటింది. మూసుకున్నాక క్లోజ్ జోన్ లోపలే ఉంది, క్యాండిల్‌లో స్థానం 0.045ని 0.15తో భాగిస్తే 0.30. వదిలేయాలి. తర్వాతి క్యాండిల్ 2.31 దగ్గర క్లోజ్ అయింది, పైన కొన్నవాళ్లంతా ఇరుక్కున్నారు.

రెండు రోజుల తర్వాత ఇంకో క్యాండిల్, ఓపెన్ 2.37, హై 2.47, లో 2.36, క్లోజ్ 2.455, వాల్యూమ్ 15 లక్షలు. మొదటిదాని కంటే వాల్యూమ్ తక్కువ. కానీ క్లోజ్ 2.415 పైన ఉంది, స్థానం 0.095ని 0.11తో భాగిస్తే 0.86. ఆ 21 లక్షల బార్, దాని తర్వాతి బార్ల వల్ల సగటు ఇప్పుడు 9 లక్షలకి ఉబ్బింది, దాంతో చూసినా 1.67 రెట్లు, నడిమి బార్ 8 లక్షలే ఉంటే దాంతో దాదాపు 1.9. పాస్.

తర్వాతి క్యాండిల్ 2.405 దాకా దిగి 2.43 దగ్గర క్లోజ్ అయింది, వాల్యూమ్ 7 లక్షలు. వెనక్కొచ్చింది, కానీ అమ్మేవాళ్లు పెద్దగా లేరు, జోన్ లోపల క్లోజ్ లేదు. ఎంట్రీ ఇక్కడ 2.43. స్టాప్ బ్రేకౌట్ క్యాండిల్ లో కింద, 2.35. రిస్క్ కాయిన్‌కి 0.08, అంటే 3.3 శాతం. వంద డాలర్లకి మించి పోగొట్టుకోకూడదు అనుకుంటే వందని 0.08తో భాగించి 1,250 కాయిన్లు, అంతే కొనాలి. బ్రేకౌట్ క్యాండిల్ క్లోజ్‌లోనే 2.455కి కొనుంటే రిస్క్ 0.105 అయ్యేది, కాయిన్లు 950 దగ్గరికి తగ్గేవి. రీటెస్ట్ రాకుండా ఎగిరిపోయే బ్రేకౌట్లు చాలా ఉంటాయి కాబట్టి కొందరు సగం క్లోజ్‌లో, సగం రీటెస్ట్‌లో తీసుకుంటారు, అదీ సబబే.

ఆ వాల్యూమ్ ఎవరిది

ఈ లెక్కలన్నీ బార్‌లో అంకె నిజమైతేనే. కాయిన్ వాల్యూమ్‌కి ఒకే చోటు లేదు, మీ చార్ట్‌లో కనిపించేది మీరు ఎంచుకున్న ఒక్క ఎక్స్ఛేంజ్‌లో ఒక్క జతది మాత్రమే. ఆ అంకెలు ఎక్స్ఛేంజీలు చెప్పుకునేవే. 2019 మార్చిలో బిట్‌వైజ్ సంస్థ అమెరికా ఎస్ఈసీకి ఇచ్చిన ప్రెజెంటేషన్‌లో అప్పట్లో చూపిస్తున్న బిట్‌కాయిన్ వాల్యూమ్‌లో 95 శాతం దొంగదో, నిజమైన మార్కెట్‌కి సంబంధం లేనిదో అని లెక్క చూపించింది. చిన్న కాయిన్లలో ఒకడే అటూ ఇటూ అమ్ముకుని కొనుక్కునే వాష్ ట్రేడింగ్ ఎక్కువగా తగులుతుంది. గుర్తు ఏంటంటే ధర కదలకపోయినా వాల్యూమ్ బార్లు అచ్చు వేసినట్టు ఒకే ఎత్తులో వస్తుంటాయి, ఆర్డర్ బుక్ మాత్రం ఖాళీగా ఉంటుంది. అలాంటి చార్ట్‌లో రెట్ల లెక్కకి అర్థం లేదు. అదే కాయిన్ ఇంకో రెండు పెద్ద ఎక్స్ఛేంజీల స్పాట్ చార్టుల్లో కూడా తెరిచి, మూడింట్లోనూ అదే క్యాండిల్‌కి వాల్యూమ్ లేచిందా చూడండి. ఒక్కదాంట్లోనే లేస్తే నమ్మకండి.

స్పాట్, గడువు లేని ఫ్యూచర్స్ అయిన పర్పెచువల్ రెండూ ఉన్న కాయిన్ అయితే పర్పెచువల్‌లో మాత్రమే వాల్యూమ్ లేచి స్పాట్ పడుకుని ఉందంటే ఆ కదలిక లివరేజ్‌ది. ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా మూసుకోని పొజిషన్ల మొత్తం, అది కూడా చార్ట్ పక్కన పెట్టుకుని చూడండి, ధర గీత దాటుతుంటే ఓపెన్ ఇంటరెస్ట్ గబగబా పడిపోతోందంటే షార్టులు మూసుకుంటున్నారు, మనం మొదట్లో చెప్పుకున్న కుప్పే అది, అయిపోగానే ఆగిపోయే అవకాశం ఎక్కువ.

రోజంతా చార్ట్ ముందు కూర్చోకుండా

క్లోజ్ కోసం ఆగాలని తెలిసినా పచ్చ క్యాండిల్ కళ్ల ముందు లేస్తుంటే ఆగలేం. అందుకే అలర్ట్ మీద వదిలేయడం మేలు. ట్రేడింగ్‌వ్యూ పైన్ ఎడిటర్‌లో ఇది పేస్ట్ చేసి మీ జోన్ పై అంచు ఇవ్వండి:

```
//@version=5
indicator("BO close check", overlay=true)
lvl  = input.float(2.40, "Level")
atr  = ta.atr(14)
avgV = ta.sma(volume, 20)
rvol = volume / avgV[1]
rng  = high - low
pos  = rng > 0 ? (close - low) / rng : 0.5
ok = barstate.isconfirmed and close[1] <= lvl and close > lvl + 0.25 * atr and pos >= 0.67 and rvol >= 1.5
plotshape(ok, style=shape.triangleup, location=location.belowbar)
alertcondition(ok, "BO close")
```

`avgV[1]` అని పెట్టింది బ్రేకౌట్ క్యాండిల్‌ని సగటులో కలపకుండా ఉండటానికి. ఉబ్బిన సగటు సమస్య ఉన్న చోట `ta.sma` తీసేసి `ta.median` పెట్టుకోవచ్చు. అలర్ట్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్ దగ్గర `Once Per Bar Close` ఎంచుకోండి. జోన్ మారినప్పుడల్లా లెవెల్ మార్చి అలర్ట్ కొత్తగా పెట్టుకోవాలి, ఎందుకంటే పాత అలర్ట్ తాను పుట్టినప్పటి అంకెనే పట్టుకుని కూర్చుంటుంది, మీరు చార్ట్‌లో మార్చింది దానికి చేరదు.